ఫ్యాన్ బిగించమనే ఫోన్లే వస్తున్నయి, కంపెనీ ఫోన్ ఎట్ల వస్తది?

“అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసిన. ఆరేళ్ల నుంచి బాయిల్డ్ రైస్ మిల్లుల పనిచేస్తున్న. మోటార్లు, స్టార్టర్లు, జనరేటర్, బాయిలర్ కాడి కరెంటు అంతా నేనే చూస్త. జడ్చర్ల దిక్కు ఫార్మా కంపెనీలల్లనో, పెద్ద కాంట్రాక్టర్ల దగ్గరనో చేరుదామని రెండు యాప్‌లల్ల ప్రొఫైల్ పెట్టిన. ‘అన్ని రకాల కరెంటు పనులు చేయబడును’ అని రాసిన. ఫ్యాన్ బిగించు, గీజర్ చూడు అనే ఫోన్లే వస్తున్నయి. పోయిన సీజన్‌ల 75 హెచ్‌పీ పాలిషర్ మోటార్ ఊకె ట్రిప్ అవుతుంటే నేనే పట్టి బాగుచేసిన. ఇసొంటివి గూడ రాయాల్నా? ఎట్ల రాస్తే వాళ్ల కంట పడుత?”

తమ్ముడూ, ఆ పాలిషర్ మోటార్ సంగతే నీ ప్రొఫైల్‌లో అన్నిటికంటే ముందు ఉండాలి. నువ్వు దాన్ని ఉత్తరం చివర్లో, రాయాలా వద్దా అన్న అనుమానంతో చెప్పావు. మనుషుల్ని పనికి పిలిచేవాళ్లు వెతికేది సరిగ్గా అలాంటి దాని కోసమే.

కాంట్రాక్టర్ ఎలా వెతుకుతాడో ముందు చెబుతాను. అతని చేతిలో ఒక వర్క్ ఆర్డర్ ఉంటుంది. ఫలానా ప్లాంటులో ఇన్ని మోటార్లకు కేబుల్ టెర్మినేషన్, ఇన్ని ప్యానెళ్లు, ఇన్ని రోజుల్లో అయిపోవాలి అని. ఎలక్ట్రీషియన్ అని మాత్రమే కొడితే వందల పేర్లు వస్తాయి కాబట్టి అతను పని పేరే కొడతాడు: ప్యానెల్, మోటార్ వేగం మార్చే వీఎఫ్‌డీ, మోటార్ అని. వచ్చిన పేర్లలో పై లైను, ఊరు, ఎన్నేళ్ల అనుభవం అన్న మూడే చూస్తాడు. నచ్చితే తెరుస్తాడు, లేకపోతే వేలితో పైకి తోసేస్తాడు. ‘అన్ని రకాల పనులు’ అని రాసినవాడి దగ్గర అతను వెతికే మాట ఒక్కటీ ఉండదు. ఆ లైను చూసి ఫోన్ చేసేది, ఇంట్లో ఏదో చెడిపోయి దగ్గర్లో ఎవరైనా ఉన్నారా అని చూసే మనిషి. అందుకే నీకు గీజర్ ఫోన్లు వస్తున్నాయి. యాప్‌లో నువ్వు ఎంచుకున్న విభాగం కూడా ఒకసారి చూడు. హోమ్ సర్వీసెస్‌లో ఉంటే దాన్ని ఇండస్ట్రియల్ లేదా మెయింటెనెన్స్‌లోకి మార్చాలి. ఈ ఒక్క మార్పుతోనే కొన్ని ఫోన్లు ఆగిపోతాయి.

పై లైను ఇంగ్లీషులోనే పెట్టు. కంపెనీ హెచ్‌ఆర్ అయినా, కాంట్రాక్టర్ ఆఫీసులో కూర్చున్న పిల్లాడైనా ఇంగ్లీషు మాటలే కొడతారు. నీ ఉత్తరాన్ని బట్టి నేనైతే ఇలా రాస్తాను:

```
Industrial Electrician (ITI), 6 yrs - LT Motors,
Star-Delta, DG, Boiler Utility
```

ఇందులో చివరి రెండు మాటలు కావాలనే పెట్టాను. ఫార్మా కంపెనీ అనగానే రియాక్టర్లు, సాల్వెంట్లు ఉండే ప్రొడక్షన్ బ్లాకే గుర్తొస్తుంది. రైస్ మిల్లు నుంచి వచ్చినవాడిని నేరుగా అక్కడికి తీసుకోవడం కష్టం. కానీ ప్రతి ఫార్మా ప్లాంటులో యుటిలిటీ సెక్షన్ అని ఒకటి ఉంటుంది. బాయిలర్, చిల్లర్లు, ఎయిర్ కంప్రెసర్లు, కూలింగ్ టవర్ పంపులు, జనరేటర్లు అన్నీ దాని కిందే. ఇప్పుడు నీ మిల్లును చూడు. వడ్లు ఉడకబెట్టడానికి బాయిలర్ ఉంది, దానికి ఐడీ ఫ్యాన్, ఎఫ్‌డీ ఫ్యాన్, ఫీడ్ పంపు ఉంటాయి. డ్రయ్యర్‌కు బ్లోయర్ ఉంది. కలర్ సార్టర్‌కు గాలి ఇచ్చే కంప్రెసర్ ఉంది. కరెంటు పోతే జనరేటర్ ఉంది. అంటే యుటిలిటీలో ఉండే సామానులో చాలా వరకు ఆరేళ్లుగా నీ చేతి కిందే ఉంది. ‘రైస్ మిల్లులో చేశాను’ అని ఊరుకుంటే హెచ్‌ఆర్‌కు ఈ సంగతి తెలియదు, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో కూర్చున్న మనిషికి మన మిల్లుల లోపల ఏముంటుందో ఊహ కూడా ఉండదు. ఆ మెషిన్ల పేర్లు నువ్వే రాయాలి.

ఇక పాలిషర్ మోటార్. చాలామంది ఇలాంటి పనిని ‘మోటార్ మెయింటెనెన్స్ చేశాను’ అని రాసి వదిలేస్తారు. చదివినవాడికి దానివల్ల ఏమీ అర్థం కాదు, బేరింగ్‌కు గ్రీజు పెట్టినవాడూ అదే రాస్తాడు. నువ్వు ఏం బాగుచేశావో ఉత్తరంలో రాయలేదు. కాబట్టి ఇలాంటి చోట తరచుగా జరిగేదాన్ని ఉదాహరణగా తీసుకుంటాను, నీ అసలు సంగతిని అందులో పెట్టుకో.

మోటార్ తక్కువ కరెంటుతో మొదలయ్యే స్టార్‌లో బాగానే లేస్తుంది, పూర్తి బలంతో నడిచే డెల్టాలోకి వెళ్లాక కొంతసేపటికి ఓవర్‌లోడ్ రిలే పడిపోతుంది. మిల్లు ఓనర్ పక్కనే నిలబడి లారీ లోడు ఆగిపోయిందని తొందరపెడతాడు. ఇలాంటప్పుడు కొందరు రిలే నాబ్‌ను పైకి తిప్పేస్తారు. ఆ పూటకు మిల్లు నడుస్తుంది, తర్వాత వైండింగ్ కాలుతుంది. పని తెలిసినవాడు క్లాంప్ మీటర్ తీసి మూడు ఫేజుల్లో ఆంప్స్ చూస్తాడు. మూడూ సమానంగా పెరిగి ఉంటే మెషిన్ మీద లోడు ఎక్కువైందని, లేదా బేరింగ్ పట్టేస్తోందని అనుమానిస్తాడు. మూడూ మూడు రకాలుగా ఉంటే తప్పు కరెంటు వైపు ఉందని తెలుస్తుంది. మెయిన్ ఆఫ్ చేసి, లాక్ వేసి, డెల్టా కాంటాక్టర్ విప్పి చూస్తే ఒక పోల్ కాంటాక్టులు కాలి నల్లబడి ఉంటాయి. ఊక దుమ్ము లోపలికి పోయే మిల్లుల్లో ఇది మామూలే. కాంటాక్టర్ మార్చి, మోటార్ ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో చూసి, మళ్లీ నడిపి మూడు ఫేజులూ సమానమయ్యాయని చూసుకుంటాడు.

ఇదే ప్రొఫైల్‌లో రెండు మూడు లైన్లలో పడుతుంది: ‘75 హెచ్‌పీ పాలిషర్ మోటార్, స్టార్ డెల్టా స్టార్టర్. డెల్టాలో ట్రిప్ అవుతుంటే మూడు ఫేజుల కరెంటు కొలిచి, డెల్టా కాంటాక్టర్‌లో ఒక పోల్ కాలినట్టు కనిపెట్టాను. కాంటాక్టర్ మార్చి, మెగ్గర్ టెస్ట్ చేసి, రిలే సెట్టింగ్ మార్చకుండానే నడిపించాను.’ మెషిన్ ఏది, ఎంత సైజు, తప్పు ఎలా పట్టావు, నీ చేత్తో ఏం చేశావు, చివరికి ఏమైంది అన్నవన్నీ ఇందులో వచ్చేశాయి. ‘రిలే సెట్టింగ్ మార్చకుండానే’ అన్న మాట దగ్గర పని తెలిసిన సూపర్‌వైజర్ కళ్లు ఆగుతాయి. నేను మనుషుల్ని ఎంచేటప్పుడు ఇలాంటి ఒక్క మాట కోసమే చూస్తాను. ఎదుటివాడు ఎలా ఆలోచిస్తాడో అందులో కనబడుతుంది.

ఇలాంటివి మూడు చాలు. ఒకటి మోటార్‌ది, ఒకటి జనరేటర్‌దో కెపాసిటర్ ప్యానెల్‌దో, ఒకటి కొత్తగా కేబుల్ వేసి కనెక్షన్ ఇచ్చినది. పదిహేను రాస్తే ఎవరూ చదవరు.

అయితే రాసిన ప్రతి మాటకూ ఫోన్‌లో ప్రశ్న వస్తుందని గుర్తుపెట్టుకో. స్టార్ డెల్టా అని చూడగానే నేనైతే అడిగే ప్రశ్న ఇది: ‘75 హెచ్‌పీ మోటార్‌కు ఓవర్‌లోడ్ రిలే ఎంతకు పెట్టావు?’ 75 హెచ్‌పీ అంటే దాదాపు 55 కిలోవాట్లు, 415 వోల్టుల మీద ఫుల్ లోడ్ కరెంటు సుమారు 100 ఆంప్స్. చాలామంది వెంటనే 100 అంటారు. మన ప్యానెళ్లలో రిలే ఎక్కువగా మెయిన్ కాంటాక్టర్ కింద, మోటార్ వైండింగ్‌కు పోయే మూడు వైర్ల మీద ఉంటుంది. డెల్టాలో నడిచేటప్పుడు అక్కడ పారేది లైన్ కరెంటు కాదు, అందులో 58 శాతమే. అంటే సెట్టింగ్ 58 ఆంప్స్ దగ్గర ఉండాలి. అక్కడ 100కు పెడితే మోటార్ కాలిపోతున్నా రిలే పడదు. అదే రిలే సప్లై వచ్చే లైనులోనే ఉంటే మాత్రం పూర్తి 100 లెక్క. మంచి జవాబు ఎలా ఉంటుందంటే, ‘రిలే ఎక్కడుందో చూసి, నేమ్‌ప్లేట్ మీద ఆంప్స్ చదివి పెడతాను సార్’. ఇంత చెప్పగలిగితే తర్వాతి ప్రశ్న ఎప్పుడు వస్తావనే.

జవాబు చెప్పలేని మాట ప్రొఫైల్‌లో వద్దు. ముఖ్యంగా వీఎఫ్‌డీ. అది రాస్తే ఫోన్లు పెరుగుతాయని దాని పక్కన నిలబడినవాడు కూడా రాసేస్తున్నాడు. వీఎఫ్‌డీకి పవర్, కంట్రోల్ వైర్లు కట్టడం ఒక పని. మోటార్ వివరాలు ఎక్కించి, ర్యాంప్ టైమ్ సెట్ చేసి, ఫాల్ట్ కోడ్ చూసి కారణం చెప్పడం ఇంకో పని. నీకు ఏది వచ్చో అదే రాయి. నేను పై లైనులో వీఎఫ్‌డీ పెట్టకపోవడానికి కారణం ఇదే, నీ ఉత్తరంలో ఆ మాట లేదు. నిజంగా చేసి ఉంటే కలుపుకో. ప్రతి పనినీ సొంతంగా చేశావా, ఇంకొకరి కింద చేశావా అని విడదీసి రాస్తే ఇంకా మంచిది. ఇంకొకరి కింద చేశానని రాయడం నామోషీ కాదు. కాంట్రాక్టర్‌కు ఇద్దరు లీడ్ మనుషులు కావాలంటే, వాళ్ల వెనక నలుగురు అలాంటివాళ్లూ కావాలి.

ఫ్లేమ్‌ప్రూఫ్ విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఫార్మాలో తప్పకుండా అడుగుతారు. సాల్వెంట్ ఆవిర్లు ఉండే చోట స్విచ్‌లు, లైట్లు, జంక్షన్ బాక్సులు ఫ్లేమ్‌ప్రూఫ్‌వి వాడతారు. లోపల నిప్పు పుట్టినా బయటి ఆవిరికి అంటకుండా ఆ బాక్సు ఆపుతుంది. దానికి డబుల్ కంప్రెషన్ గ్లాండ్ వేయాలి, మూత బోల్టులన్నీ ఉండాలి, వాడని రంధ్రానికి సరైన ప్లగ్ బిగించాలి. ఒక్క బోల్టు లేకపోయినా ఆ బాక్సు మామూలు బాక్సుతో సమానం. రైస్ మిల్లులో నీకు ఇది చేసే అవకాశం వచ్చి ఉండదు. ప్రొఫైల్‌లో ఆ మాట రాయకు. ఫోన్‌లో అడిగితే ‘చేయలేదు సార్, యుటిలిటీ వైపు చేస్తాను, ఇది నేర్చుకుంటాను’ అని చెప్పు. చేశానని చెప్పి లోపలికి వెళ్తే ప్రమాదం నీ ఒక్కడిది కాదు, ఆ బ్లాకులో ఉన్న అందరిది.

కాగితాల దగ్గరికొద్దాం. ఐటీఐ సర్టిఫికెట్, అప్రెంటిస్ చేసి ఉంటే దాని సర్టిఫికెట్, వైర్‌మ్యాన్ పర్మిట్. పర్మిట్ గురించి నువ్వు రాయలేదు, కాబట్టి లేదనే అనుకుంటున్నాను. చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ శాఖ కింద ఉండే లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే పర్మిట్ అది. ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయించాలని, చేసే మనుషులకు పర్మిట్, చూసే సూపర్‌వైజర్‌కు సర్టిఫికెట్ ఉండాలని నిబంధన. అందుకే మంచి కాంట్రాక్టర్ పర్మిట్ ఉన్న మనిషిని వదులుకోడు, పని చేయించడానికే కాదు, కాగితం మీద చూపించడానికి కూడా అతను కావాలి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ నీకు ఉంది కాబట్టి అప్లై చేసుకో. చేతికి వచ్చాక పై లైనులోనే పెట్టు, ఎప్పటివరకు చెల్లుతుందో కింద రాయి. రాకముందే ఉన్నట్టు రాయొద్దు, గేటు దగ్గరే అడుగుతారు.

సర్టిఫికెట్ల ఫొటోలు, ఆధార్ మాత్రం ప్రొఫైల్‌లో అందరికీ కనబడేలా పెట్టకు. ‘ఒరిజినల్స్ ఉన్నాయి, అడిగితే చూపిస్తాను’ అంటే సరిపోతుంది.

చాలామంది పట్టించుకోని విషయం పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు వెనక్కి పోయి ఉంటుంది. మన ఊళ్లలో ఎవరూ అడగరు. కంపెనీలో చేరేటప్పుడు పీఎఫ్ దగ్గర, గేట్ పాస్ దగ్గర అదే ఇరుక్కుంటుంది. షట్‌డౌన్ పని పది రోజులే ఉంటే, గేట్ పాస్ నాలుగు రోజులు ఆగినవాడి బదులు కాంట్రాక్టర్ ఇంకొకరిని పెట్టుకుంటాడు. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పుట్టిన తేదీతో సహా చూసుకో. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకో. ప్రొఫైల్‌లో కూడా ఆ పేరే పెట్టు, ఊళ్లో పిలిచే పేరు వద్దు.

ఫొటోలు మూడు పెట్టు, అన్నీ నీ పనివే. ప్యానెల్ పక్కన నిలబడి దిగిన ఫొటో వల్ల ఉపయోగం లేదు. ప్యానెల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు తలుపు తీసి లోపలి వైరింగ్ దగ్గరగా తీయి. చూసేవాడు ఏం చూస్తాడో తెలుసా? వైరు చివర ఫెర్రూల్ నంబర్లు ఉన్నాయా, లగ్ సరిగ్గా క్రింప్ అయిందా లేక సుత్తితో కొట్టినట్టుందా, లగ్ బయట రాగి పోగులు కనబడుతున్నాయా, కేబుల్‌కు గ్లాండ్ ఉందా లేక రంధ్రంలోంచి ఊరికే దూర్చారా, ఎర్త్ వైరు బిగించారా. ఇవి బాగుంటే కింద రాసినదంతా నమ్ముతాడు. లైవ్ ప్యానెల్‌లో గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టిన ఫొటో ఒక్కటి ఉన్నా, సేఫ్టీ ఆఫీసర్ ఉన్న ఏ కంపెనీ నిన్ను పిలవదు. మిల్లు ఓనర్‌ను అడిగే ఫొటో తీసుకో. రేపు ఫార్మాలో చేరాక అక్కడ మాత్రం తీయొద్దు, చాలా ప్లాంట్లలో ఫోన్ లోపలికే రానివ్వరు.

ఊరి పేరు దగ్గర కూడా నీ పని ఆగిపోయి ఉండొచ్చు. ప్రొఫైల్‌లో మిర్యాలగూడ అని మాత్రమే ఉంటే, జడ్చర్ల పెట్టి వెతికేవాడికి నువ్వు కనబడవు. రోజూ పోయివచ్చే దూరం కాదని వాళ్లే తీసేస్తారు కూడా. పనిచేయాలనుకునే చోటు అని విడిగా అడిగే గడిలో జడ్చర్ల, రాజాపూర్, కొత్తూరు, షాద్‌నగర్ పెట్టు. ‘రూం తీసుకుని ఉంటాను, నోటీస్ 15 రోజులు’ అని ఒక లైను రాయి. నాకైతే ఇంకో మాట కూడా చెప్పాలనుంది. జడ్చర్లతో పాటు నీ ఇంటి పక్క కూడా చూడు. దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ కిల్న్ ఆపి రిపేర్లు చేసేటప్పుడు కాంట్రాక్టర్లకు ఒక్కసారిగా మనుషులు కావాలి. అలాంటి షట్‌డౌన్ రెండు చేస్తే వర్క్ పర్మిట్ తీసుకోవడం, లాక్ వేసి ట్యాగ్ కట్టడం అలవాటవుతుంది. ఫార్మా ఇంటర్వ్యూలో రైస్ మిల్లు పక్కన ఆ మాట కూడా ఉంటే నీ బలం పెరుగుతుంది.

ఎక్కడ పెట్టాలంటే, నీ యాప్‌లతో పాటు కేంద్ర ప్రభుత్వ ఎన్‌సీఎస్ పోర్టల్‌లో, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల వేదిక డీట్‌లో కూడా పెట్టు, రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు. వాటితో పాటు ఇదే సమాచారం ఒక్క పేజీ పీడీఎఫ్‌గా ఫోన్‌లో ఉంచుకో. కాంట్రాక్టర్లలో సగం మంది ‘వాట్సాప్‌లో పంపు’ అనే అంటారు. ఫైలు పేరు `resume.pdf` అని ఉంటే వాళ్ల ఫోన్‌లో అలాంటివి యాభై ఉంటాయి, ఇక దొరకదు. నీ పేరు తర్వాత `_Electrician_LT_Miryalaguda.pdf` అని ఉండనివ్వు. నెలకోసారి యాప్ తెరిచి ఏదో ఒక లైను సరిచెయ్యి, ఈమధ్య వాడిన ప్రొఫైళ్లనే చాలా యాప్‌లు ముందు చూపిస్తాయి.

గేట్ పాస్‌కు, యూనిఫాంకు, రిజిస్ట్రేషన్‌కు ముందుగా డబ్బు పంపమని ఎవరైనా అంటే అది ఉద్యోగం కాదు. పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి.

అసలు ఫోన్ వచ్చినప్పుడు సంబరంలో అన్నిటికీ సరే అనకు. ఏ సైటు, కంపెనీ రోల్ మీదా కాంట్రాక్టర్ రోల్ మీదా, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, డ్యూటీ ఎన్ని గంటలు, ఓటీ ఎలా లెక్కకడతారు, రూం వాళ్లదా నీదా అని అడుగు. జవాబులు వాట్సాప్‌లో రాసి పంపమను. అవి చేతికి వచ్చాకే మిల్లులో నోటీస్ ఇవ్వు. వడ్ల సీజన్ మధ్యలో మాత్రం వదిలేసి రాకు. కొత్త కంపెనీ వాళ్లు నీ గురించి మొదట ఫోన్ చేసి అడిగేది ఆ మిల్లు ఓనర్‌నే.